ఐదు అంటే ఐదా, ఐదో గడిలో ఉన్నదా?

మొత్తం 63 రావాలి. 39 వచ్చింది.

ఐదుగురు పిల్లల మార్కులు కూడే చిన్న ప్రోగ్రాం అది. మార్కులు 12, 7, 20, 15, 9. దాన్ని 6502 అనే ప్రాసెసర్ కోసం అసెంబ్లీలో రాశాను. వరస వరసా వేలు పెట్టి చదివినా తప్పు కనబడలేదు. చివరికి జవాబు వైపు నుంచి వెనక్కి నడిచాను. 12, 7, 20 కూడితే 39. అంటే మిషను మొదటి ముగ్గురి దగ్గరే ఆగిపోయింది. ఐదుసార్లు తిరగమని చెప్పిన చోట మూడుసార్లే తిరిగింది. మిషను ఆపి మళ్ళీ వేసి నడిపితే ఈసారి 39 కూడా కాదు, ఇంకేదో అంకె వచ్చింది. రాసిన ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు, జవాబు మాత్రం మారింది.

కింద రెండు వరసలున్నాయి. నేను రాయాల్సింది మొదటిది, రాసింది రెండోది.

```
CPX #$05
CPX $05
```

తేడా ఒక్క `#` గుర్తు. మొదటి వరసకు అర్థం, ‘X లో ఉన్నదాన్ని 5 తో పోల్చు’. రెండో వరసకు అర్థం, ‘X లో ఉన్నదాన్ని మెమరీలో 5వ నంబరు గడిలో ఉన్నదానితో పోల్చు’. ఆ గడిలో ఆ పూట 3 ఉంది కాబట్టి మూడుసార్లే తిరిగింది. కరెంటు తీసి మళ్ళీ వేస్తే ఆ గడిలోకి ఏ చెత్త వచ్చి చేరుతుందో ఎవరికీ తెలియదు. సున్నా చేరితే ఇంకా ఘోరం. X ఒకటి నుంచి 255 దాకా పెరిగి, మళ్ళీ సున్నాకి తిరిగొచ్చేదాకా, మొత్తం 256 సార్లు తిరుగుతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది మాత్రం ఆ గడిలో అనుకోకుండా 5 ఉండటం. అప్పుడు జవాబు సరిగ్గానే వస్తుంది, తప్పు లోపలే దాక్కుంటుంది.

అసెంబ్లీ నేర్చుకునేవాళ్ళు తికమకపడే చోటు ఇదే. ఆజ్ఞ పక్కన రాసిన అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. దాన్ని ఎలా చదవాలో వేరేగా చెప్పాలి. అలా చెప్పే పద్ధతినే అడ్రసింగ్ మోడ్ అంటారు. పుస్తకాల్లో ఇమ్మీడియట్, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్, ఇండెక్స్‌డ్ అని నాలుగు పేర్లు వరసగా కనబడతాయి. నిర్వచనాలు బట్టీపట్టే బదులు, కావలసిన విలువ చేతికి రావడానికి ప్రాసెసర్ మెమరీకి ఎన్నిసార్లు వెళ్ళి రావాలో లెక్కపెడితే నాలుగూ వాటంతటవే విడిపోతాయి. ఆ లెక్కకు 6502 చాలా అనుకూలమైన చిప్. ప్రతి టిక్కుకూ అది మెమరీ దగ్గరికి ఒక్కసారి వెళ్తుంది. టిక్కులు లెక్కపెడితే ప్రయాణాలు లెక్కపెట్టినట్టే.

1975లో మాస్ టెక్నాలజీ కంపెనీ ఈ చిప్‌ను 25 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. చక్ పెడల్ బృందం దాన్ని తయారుచేసింది. ఆపిల్ 2 లోనూ, బ్రిటన్ బడుల కోసం తయారైన బీబీసీ మైక్రోలోనూ ఉన్నది ఇదే. 1984-85లో మన కేంద్ర ప్రభుత్వం స్కూళ్ళలో కంప్యూటర్ చదువు కోసం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టినప్పుడు దేశంలోని బడులకు వచ్చినవి ఆ బీబీసీ మైక్రోలే. కాబట్టి మన దగ్గర కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్న చాలామంది పిల్లల వేళ్ళ కింద పనిచేసింది 6502.

దాని లోపల మనం వాడుకోవడానికి ఉన్న రిజిస్టర్లు ముఖ్యంగా మూడు. లెక్క జరిగేది A లో. వరస నంబర్లు పెట్టుకోవడానికి X, Y. ఒక్కోదానిలో పట్టేది ఒక్క బైటు, అంటే 0 నుంచి 255 దాకా. బయట మెమరీ ఒక పొడుగాటి వీధి లాంటిది, అందులో 65,536 ఇళ్ళు. అంకె ముందు `$` ఉంటే అది హెక్సాడెసిమల్, అంటే పదహారు ఆధారంగా లెక్కపెట్టేది. `$0C` అంటే 12, `$14` అంటే 20, `$40` అంటే 64.

ఇక్కడినుంచి చివరిదాకా మెమరీలో ఈ కొన్ని గళ్ళే మన ముందుంటాయి. ఎడమ పక్కది ఇంటి నంబరు, కుడి పక్కది లోపలున్నది.

```
$0040: 05
$0041: 20
$2005: 0C
$2006: 07
$2007: 14
$2008: 0F
$2009: 09
```

మార్కులు ఐదూ `$2005` నుంచి వరసగా ఉన్నాయి. పైన విడిగా ఉన్న రెండు గళ్ళ పని తరవాత వస్తుంది.

మొదట ఇమ్మీడియట్. `LDA #$40` అని రాస్తే A లోకి 64 వస్తుంది. సరుకులకు వెళ్ళే పిల్లాడి చేతిలోనే డబ్బు పెట్టి పంపినట్టు, విలువ ఆజ్ఞతో పాటే ప్రయాణం చేస్తుంది. మెమరీలో ఈ ఆజ్ఞ `A9 40` అనే రెండు బైట్లుగా ఉంటుంది. ప్రాసెసర్ మొదటి టిక్కులో `A9` చదువుతుంది, రెండో టిక్కులో `40` చదువుతుంది. పని అయిపోయింది. రెండు ప్రయాణాలు. ఇంతకన్నా తక్కువలో బయటి విలువ ఏదీ A లోకి రాదు. అయితే ఆ విలువ ప్రోగ్రాంలోనే అతుక్కుపోయి ఉంటుంది. రేపు వేరే అంకె కావాలంటే ప్రోగ్రాం మార్చాల్సిందే. అందుకే మారని వాటికే ఇది తగుతుంది: ఎన్నిసార్లు తిరగాలి, మొదలు ఎంత, వంటివాటికి.

`#` తీసేసి `LDA $40` అంటే డైరెక్ట్. ఇప్పుడు ఆజ్ఞ `A5 40`. చూడండి, `40` అలాగే ఉంది, మారింది ముందున్న బైటే. `A5` చదవగానే ప్రాసెసర్‌కి అర్థమవుతుంది, రాబోయేది విలువ కాదు, ఇంటి నంబరని. మొదటి టిక్కులో `A5`, రెండో టిక్కులో `40`, మూడో టిక్కులో 40వ గడికి వెళ్ళి లోపల ఉన్న 05 తెస్తుంది. A లో ఇప్పుడు 5 ఉంది, 64 కాదు. `#` గుర్తు మనకోసం రాసుకునేది, చిప్‌కి అది కనబడదు. చిప్‌కి కనబడేది `A9`, `A5` అన్న తేడా మాత్రమే. నా తప్పును పట్టించినదీ అదే. అసెంబ్లర్ ఇచ్చే లిస్టింగ్‌లో `CPX` పక్కన `E0 05` ఉండాల్సిన చోట `E4 05` ఉంది. రెండూ చెల్లే ఆజ్ఞలే కాబట్టి అసెంబ్లర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు, ఇవ్వదు కూడా. జవాబు రోజుకో రకంగా మారుతుంటే ముందు చూడాల్సింది ఆ బైట్లనే.

డైరెక్ట్‌లోనే ఇంకో చిన్న తేడా ఉంది. మొదటి 256 గళ్ళను జీరో పేజీ అంటారు. వాటి నంబరు ఒక్క బైటులో పడుతుంది కాబట్టి మూడు టిక్కులతో పని జరుగుతుంది. దూరంగా ఉన్న `$2005` లాంటి గడికి నంబరే రెండు బైట్లు. `LDA $2005` మెమరీలో `AD 05 20` అవుతుంది, నాలుగు టిక్కులు తీసుకుంటుంది. `20 05` అని కాకుండా `05 20` అని తిరగబడి ఉండటం అచ్చుతప్పు కాదు. ఈ చిప్ చిరునామాలో చిన్న సగాన్ని ముందు, పెద్ద సగాన్ని వెనక పెడుతుంది. ఈ సంగతి ఇంకాసేపట్లో మన మీదికి వస్తుంది.

డైరెక్ట్ ఒక్కదానితోనే మార్కులు కూడితే ఇలా ఉంటుంది.

```
CLC
LDA $2005
ADC $2006
ADC $2007
ADC $2008
ADC $2009
STA $50
```

`CLC` పాత కూడికలో మిగిలిన చేతి అంకెను తుడిచేస్తుంది. `ADC` కూడుతుంది. `STA` జవాబును 50వ గడిలో పెడుతుంది. మొత్తం 18 బైట్లు, 25 టిక్కులు. ఆ గడిలో `3F` ఉంటుంది, అదే 63. ఐదుగురికి ఇది బాగానే ఉంది. యాభైమంది ఉన్న తరగతికి ఇలాగే రాస్తే వరసలు యాభై దాటతాయి, ప్రోగ్రాం 153 బైట్లు అవుతుంది. పిల్లల సంఖ్యతో పాటు ప్రోగ్రాం కూడా పెరుగుతూ పోతుంది. చేసే పని ఒక్కటే, చెప్పడం యాభై సార్లు.

కంప్యూటర్లు పుట్టిన తొలి రోజుల్లో ఈ ఇబ్బందికి ఒక మొరటు ఉపాయం ఉండేది. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూనే తన ఆజ్ఞలోని చిరునామాను తానే ఒకటి పెంచుకునేది. ఒకసారి 2005 అని ఉన్నచోట తరవాతి చుట్టులో 2006 అని దిద్దుకునేది. కేంబ్రిడ్జిలో 1949లో పనిచేయడం మొదలుపెట్టిన ఎడ్‌సాక్‌లో తొలి ప్రోగ్రాములు అలాగే నడిచాయి. అలా నడిచిన ప్రోగ్రాం ఒకసారి పూర్తయ్యాక మొదట రాసినట్టు ఉండదు. రెండోసారి నడపాలంటే ముందు పాత చిరునామాలు తిరిగి పెట్టాలి. మరిచిపోతే పక్క గళ్ళలో ఉన్నదంతా కూడుకుంటూ పోతుంది. అదే కాలంలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మిషను కడుతున్న ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ బృందానికి ఇంతకన్నా శుభ్రమైన ఆలోచన వచ్చింది. ఆజ్ఞను ముట్టుకోకుండా, పక్కన ఒక చిన్న రిజిస్టరు పెట్టి, అందులోని అంకెను చిరునామాకు అప్పటికప్పుడు కలిపితే చాలు. దానికి వాళ్ళు బీ లైన్ అని పేరు పెట్టారు. నేటి ఇండెక్స్ రిజిస్టరు అదే. అసెంబ్లీలో నాకు అన్నిటికన్నా అందంగా కనబడేది ఈ ఆలోచనే.

6502లో ఆ పని X, Y చేస్తాయి. `LDA $2005,X` అంటే ‘2005వ ఇంటి నుంచి X ఎంత చెబితే అన్ని ఇళ్ళు దాటి వెళ్ళి, అక్కడున్నది తే’ అని. X లో 3 ఉంటే వెళ్ళేది `$2008` కి, తెచ్చేది `0F`, అంటే 15. దీనికి నాలుగే టిక్కులు, మామూలు డైరెక్ట్‌కి పట్టినన్నే. దూరం కలపడం దారిలోనే జరిగిపోతుంది కాబట్టి మెమరీకి అదనపు ప్రయాణం ఉండదు. `$20FF` దాటి `$2100` లోకి అడుగుపెట్టాల్సి వస్తే మాత్రం, చిరునామాలోని పెద్ద సగాన్ని కూడా సరిచేయాలి కాబట్టి ఒక టిక్కు ఎక్కువవుతుంది.

```
      LDA #$00
      LDX #$00
NEXT  CLC
      ADC $2005,X
      INX
      CPX #$05
      BNE NEXT
      STA $50
```

X సున్నాతో మొదలవుతుంది. ప్రతి చుట్టులో ఒక మార్కు కూడి, `INX` తో X ను ఒకటి పెంచి, ఐదుకి చేరిందా అని చూస్తుంది. చేరకపోతే `BNE` మళ్ళీ `NEXT` దగ్గరికి పంపుతుంది. A లో విలువ 12, 19, 39, 54, 63 గా నడుస్తుంది. నా ప్రోగ్రాం ఆగిపోయిన 39 ఈ వరసలో మూడోది.

ఇది 15 బైట్లలో సరిపోయింది. కానీ టిక్కులు లెక్కపెడితే 71. చుట్టు తిరిగినప్పుడల్లా పెంచడం, పోల్చడం, వెనక్కి వెళ్ళడం అన్న మూడు పనులు అదనంగా చేస్తోంది మరి. చోటు మిగిల్చాం, దానికి కాలం ఖర్చుపెట్టాం. పిల్లలు యాభైమంది అయితే మారేది `#$05` లోని అంకె ఒక్కటే. అయితే అప్పుడు మొత్తం 255 దాటిపోతుంది, ఒక్క బైటులో పట్టదు. జవాబుకు రెండు గళ్ళు కేటాయించి, పొంగిన చేతి అంకెను రెండో గడిలోకి చేర్చే వరసలు ఇంకొన్ని రాయాలి. అవి మరిచిపోతే 300 రావాల్సిన చోట 44 వస్తుంది. జవాబులో సరిగ్గా 256 తగ్గిందంటే జబ్బు ఇదేనని పోల్చుకోవచ్చు.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. `$2005` అన్న అంకె ఆజ్ఞలో ఇంకా అతుక్కునే ఉంది. ఎనిమిదో తరగతి మార్కులు `$2005` దగ్గర, తొమ్మిదో తరగతివి `$2105` దగ్గర ఉంటే, కూడే ప్రోగ్రాం రెండుసార్లు రాయాలి. పైగా X ఒక్క బైటే కాబట్టి మొదలుపెట్టిన చోటు నుంచి 255 ఇళ్ళకన్నా దూరం వెళ్ళలేదు.

ఇక్కడ ఇన్‌డైరెక్ట్ కావాలి. ‘40వ ఇంటికి వెళ్ళు, అక్కడ ఒక చీటీ ఉంటుంది, దాని మీద ఏ ఇంటి నంబరు ఉంటే ఆ ఇంటికి వెళ్ళు’ అని చెప్పడం ఇది. చీటీ మార్చితే చాలు, కబురు మార్చక్కర్లేదు. 6502లో దీన్ని `LDA ($40),Y` అని రాస్తారు. ఇప్పుడు మొదట్లో పక్కన పెట్టిన రెండు గళ్ళు చూడండి. 40వ గడిలో `05`, 41వ గడిలో `20`. చిన్న సగం ముందు అన్నాం కదా, రెండూ కలిపితే `$2005`. దానికి Y కలిపితే వెళ్ళాల్సిన ఇల్లు తెలుస్తుంది. Y సున్నా అయితే A లోకి వచ్చేది 12.

ప్రయాణాలు లెక్కపెడదాం. ఆజ్ఞ చదవడానికి ఒకటి, `40` చదవడానికి ఒకటి, చీటీలో చిన్న సగానికి ఒకటి, పెద్ద సగానికి ఒకటి, చివరికి అసలు ఇంటికి ఒకటి. ఐదు. ఇమ్మీడియట్‌కి రెండు, జీరో పేజీ డైరెక్ట్‌కి మూడు, దూరపు డైరెక్ట్‌కీ ఇండెక్స్‌డ్‌కీ నాలుగు, దీనికి ఐదు. ఇంకో సంగతి గమనించారా? 40వ గడిలోని `05` కాసేపటి క్రితం `LDA $40` అన్నప్పుడు ఐదు అనే విలువ. ఇప్పుడు అదే బైటు ఒక చిరునామాలో సగం ముక్క. గడికి ఈ తేడా తెలియదు, చదివే ఆజ్ఞకే తెలుసు.

ఏ తరగతి మార్కులైనా కూడిపెట్టే ప్రోగ్రాం ఇప్పుడు ఒక్కసారే రాసుకోవచ్చు.

```
SUM   LDA #$00
      LDY #$00
NEXT  CLC
      ADC ($40),Y
      INY
      CPY #$05
      BNE NEXT
      RTS
```

పిలిచేవాళ్ళు ముందు చీటీ రాసిపెట్టి పిలవాలి.

```
LDA #$05
STA $40
LDA #$20
STA $41
JSR SUM
```

ఈ ఐదు వరసల్లో నాకు నచ్చేది, చిరునామా ఇక్కడ మామూలు విలువలా ఇమ్మీడియట్‌గా రావడం. `$2005` అనే చిరునామాను రెండు ముక్కలు చేసి, రెండు అంకెల్లా A లోకి తెచ్చి, గళ్ళలో పెడుతున్నాం. తొమ్మిదో తరగతికి కావాలంటే `#$20` బదులు `#$21`. `SUM` లో ఒక్క బైటు కూడా మారదు. సి భాషలో పాయింటరు అంటే ఏమిటో ఎన్ని బొమ్మలు వేసినా అర్థంకానివాళ్ళకు ఈ రెండు గళ్ళు చూపిస్తే చాలు. పాయింటరు అంటే అక్షరాలా అవే.

తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. ముక్కలు తారుమారు చేసి `$20` ను ముందు గడిలో, `$05` ను వెనక గడిలో పెడితే చీటీ మీద నంబరు `$0520` అవుతుంది. అక్కడ ఏదో ఒకటి ఉంటుంది, ప్రాసెసర్ దాన్నే తెచ్చి కూడుతుంది, ఫిర్యాదు చేయదు. ఇంకొకటి, Y ను సున్నా చేయడం మరిచిపోవడం. ఈ చిప్‌లో X గానీ Y గానీ లేకుండా ఉత్త చీటీ చదివే `LDA` లేదు. దూరం అక్కర్లేకపోయినా Y లో సున్నా పెట్టి తీరాలి. తరవాత వచ్చిన 65C02 చిప్‌లో `LDA ($40)` అన్న ఆజ్ఞ చేర్చి ఈ బెడద తీర్చారు. ఇక చీటీ ఉండాల్సింది జీరో పేజీలోనే కాబట్టి ఆ 256 గళ్ళకు పోటీ ఎక్కువ. బీబీసీ మైక్రోలో బేసిక్ వాడుతుంటే మనకు వదిలిపెట్టినవి 70 నుంచి 8F దాకా ఉన్న 32 గళ్ళే. ఆ మిషను మీద మన చీటీని 40లో పెడితే బేసిక్ వాడుకుంటున్న గడిని తొక్కేసినట్టే. అక్కడ `($70),Y` అని రాసుకోవాలి.

దూకే ఆజ్ఞలోనూ ఇన్‌డైరెక్ట్ ఉంది, దానిలో చిప్ సొంత లోపమొకటి ఉంది. `JMP ($10FF)` అంటే `$10FF` లోనూ దాని పక్కనున్న `$1100` లోనూ ఉన్న రెండు ముక్కలు కలిపి అక్కడికి దూకాలి. తొలి 6502 మాత్రం రెండో ముక్కను `$1100` నుంచి కాకుండా వెనక్కి తిరిగి `$1000` నుంచి తెస్తుంది. ప్రోగ్రాం ఎక్కడికో ఎగిరిపోతుంది. దీన్ని కూడా 65C02లోనే సరిచేశారు. పాత చిప్ మీద రాసేవాళ్ళు దూకుడు చీటీ `FF` తో ముగిసే గడిలో మొదలవకుండా చూసుకోవాలి.

మన ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల్లో ఇంటెల్ 8085 కిట్ మీద బటన్లు నొక్కి నేర్చుకున్నవాళ్ళకు ఇదంతా కాస్త వింతగా ఉండొచ్చు. అక్కడ `#` గొడవ లేదు. మోడ్ మారితే ఆజ్ఞ పేరో, రిజిస్టరు పేరో మారుతుంది.

```
MVI A,05H
LDA 2005H
MOV A,M
```

మొదటిది ఇమ్మీడియట్, రెండోది డైరెక్ట్. మూడోదానిలో M అంటే H, L రిజిస్టర్ల జత చూపిస్తున్న గడి, అంటే ఇన్‌డైరెక్ట్. బైట్లలో ఇవి `3E 05`, `3A 05 20`, `7E`. చీటీ మెమరీలో కాక ప్రాసెసర్ లోపలే ఉండటంతో ఇక్కడ ఇన్‌డైరెక్ట్ ఆజ్ఞ ఒక్క బైటులో సరిపోయింది. 8085లో లేనిది ఇండెక్స్‌డ్. మార్కుల వరసలో ముందుకు నడవాలంటే `INX H` అని చీటీనే ఒకటి పెంచుకుంటూ పోవాలి. పేరు ఒకలా ఉందని మోసపోకూడదు. 6502లో `INX` పెంచేది వరస మొదటి నుంచి ఎన్ని ఇళ్ళు దాటాలన్న లెక్కను, 8085లో `INX H` పెంచేది ఏకంగా ఇంటి నంబరునే. అందుకే 8085లో చుట్టు పూర్తయ్యాక వరస మొదలు ఎక్కడుందో H, L లో మిగలదు. అదే వరసను రెండోసారి నడవాలంటే `LXI H,2005H` అని నంబరు మళ్ళీ పెట్టుకోవాలి. 6502లో ఆ నంబరు 40, 41 గళ్ళలో చెక్కుచెదరకుండా ఉంటుంది, Y ను సున్నా చేస్తే చాలు.